'మొహమాటం' పోయిన రీడౌట్

ప్రశ్న: యూజర్ రీసెర్చ్ రీడౌట్ ఇచ్చినప్పుడల్లా మా ప్రాడక్ట్ టీం "కోట్స్ బాగున్నాయి" అంటారు, తర్వాత డిజైన్‌లో ఏమీ మారదు. ఫైండింగ్స్, కోట్స్, రికమండేషన్స్ ఎలా అమర్చితే పనికొస్తుంది?

కోట్స్‌కి వేరే సెక్షన్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఫైండింగ్, దాని కింద దానికి ఆధారమైన మాటలు, వాటి కింద చేయాల్సిన మార్పు, మూడూ ఒకే పేజీలో ఉండాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి బెంగళూరులో నాకు జరిగిన ఒక సంగతి కారణం.

అప్పట్లో మాది కిరాణా కొట్లవాళ్లు అప్పు పద్దులు రాసుకునే యాప్. బాకీ ఉన్నవాళ్లకి గుర్తుచేసే మెసేజ్ పంపడానికి అందులో ఒక బటన్ ఉండేది. దాన్ని దాదాపు ఎవరూ నొక్కడం లేదు. ఎందుకో తెలుసుకుందామని మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఏడుగురి కొట్లలో కూర్చున్నాను. ఎక్కువమంది మన చిత్తూరు, అనంతపురం వాళ్లే. ఒకాయన పప్పు పొట్లం కడుతూ కడుతూ ఫోన్ అందుకుని, బటన్ మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు. "ఎదురింటావిడకి ఏమని పోతుందో తెలీకుండా ఎట్లా పంపేది సార్? నాకు మొహమాటం" అన్నాడు.

నలభై స్లైడ్ల రీడౌట్ చేశాను. ముందు ఫైండింగ్స్, మధ్యలో 'యూజర్ల మాటల్లో', చివర రికమండేషన్స్. టీంలో తెలుగు రానివాళ్లు ఉన్నారని కోట్స్ అన్నీ ఇంగ్లీషులోకి మార్చేశాను. మొహమాటం కాస్తా 'హెసిటెంట్' అయింది. అది చూసి, బటన్ అర్థంకాక జనం తడబడుతున్నారని ప్రాడక్ట్ మేనేజర్ అనుకున్నాడు. ఆ మాట ఏ ఫైండింగ్‌కి చెందిందో స్లైడ్ మీద ఎక్కడా లేదు కాబట్టి అతన్ని తప్పుపట్టలేను. డిజైనర్ బటన్ పెద్దది చేసి, రంగు మార్చి, పక్కన వివరణ పెట్టింది. రెండు స్ప్రింట్లు పోయాయి. వాడకం మాత్రం కదల్లేదు.

తర్వాత అదే విషయాన్ని ఒక్క పేజీలో మళ్లీ రాశాను. పైన కారణంతో సహా ఒక పూర్తి వాక్యం: "ఏ మెసేజ్ వెళ్తుందో కనబడనందువల్ల, కస్టమర్ నొచ్చుకుంటారేమోనని కొట్టువాళ్లు రిమైండర్ పంపడం లేదు." 'రిమైండర్ సమస్యలు' అని రాసి ఉంటే దాన్నుంచి ఏ మార్పూ పుట్టదు. దాని కింద లెక్క: ఏడుగురిలో ఐదుగురు ఇలా ఆగారు, ఒకరు బటన్‌నే చూడలేదు, ఒకరు అందరికీ పంపేస్తారు. ఏడుగురితో మాట్లాడి '71%' అని రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంత తక్కువమంది నుంచి ఎందుకు అన్నది తెలుస్తుంది గానీ, మొత్తం యూజర్లలో ఎంతమంది అన్నది తెలియదు.

ఆ కింద రెండు కోట్స్, తెలుగులోనే, పక్కన అర్థం, మనిషి పేరు బదులు P4 లాంటి నంబరు, ఆ మాట అన్నప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో ఒక ముక్క. 'బటన్ మీద వేలు ఆగింది' అన్న ముక్క ఉంటే బటన్ కనబడలేదని ఎవరూ అనుకోరు. మొహమాటానికి ఒక్క మాటలో అర్థం రాయకుండా, 'రోజూ మొహం చూసే మనిషిని డబ్బు అడగలేకపోవడం' అని రాశాను. ఎదురు సాక్ష్యం కూడా అక్కడే పెట్టాను. అందరికీ పంపే P6 కొట్టు పీజీ హాస్టళ్ల మధ్య ఉంది, కస్టమర్లు మూడు నెలలకోసారి మారిపోతారు. దాంతో కారణం ఇంకా స్పష్టమైంది.

చివర మార్పు: పంపేముందు మెసేజ్ మొత్తం చూపించి, దిద్దుకోనివ్వాలి. పక్కనే, మెసేజ్ తెరిచి చూసినవాళ్లలో ఎంతమంది పంపుతున్నారో చూడాలని రాశాను. చూసి కూడా పంపకపోతే మన కారణం తప్పు, రాతలో అడగడమే వాళ్లకి ఇష్టం లేదన్నమాట.

పేజీ అతికిందో లేదో తెలుసుకోవడానికి చివర ఉన్న మార్పు నుంచి మొదలుపెట్టి చదవండి. మార్పు చదివి "ఎందుకంటే" అని ఫైండింగ్ చదవాలి, "ఎలా తెలుసు" అని కోట్ చదవాలి. 'బటన్ పెద్దది చేయాలి, ఎందుకంటే కస్టమర్ నొచ్చుకుంటారు' అని ఒకసారి పైకి చదివి ఉంటే మా రెండు స్ప్రింట్లూ మిగిలేవి. ఘాటుగా ఉందని ఏరిన కోట్ కూడా ఇక్కడే దొరికిపోతుంది. "ఎలా తెలుసు" అంటే దాని దగ్గర జవాబు ఉండదు.

రెండోసారి మీటింగ్‌లో నేను స్లైడ్లు చదవలేదు. పది నిమిషాలు అందరినీ ఆ పేజీ చదువుకోమన్నాను. డిజైనర్ తలెత్తి, "ఇంతకీ మెసేజ్ ఏ భాషలో వెళ్తుంది?" అంది. ఇంగ్లీషులో వెళ్తోంది. ఆ ఏడుగురిలో ఎవరినీ నేను దాని గురించి అడగలేదు. ఆ పేజీ అడుగునే తేలని ప్రశ్నగా రాసి, తర్వాతి వారం మళ్లీ కొట్లకి వెళ్లాను.