స్పర్శరేఖ సరిపోయింది, పొడవు ఎందుకు తప్పింది?

"2x² + 2y² − 8x + 12y − 24 = 0 కి (5, 1) దగ్గర స్పర్శరేఖ కరెక్ట్‌గానే వచ్చింది. (8, 5) నుంచి స్పర్శరేఖ పొడవు మాత్రం √150 వస్తోంది, కీలో 5√3 ఉంది. ఎక్కడ పోయింది?"

ఆ ముందున్న 2 దగ్గరే పోయింది. √S₁₁ వాడాలంటే x², y² గుణకాలు 1 కావాలి. ముందు 2తో భాగించండి:

x² + y² − 4x + 6y − 12 = 0

ఇప్పుడు (8, 5) వేస్తే 64 + 25 − 32 + 30 − 12 = 75. పొడవు √75, అంటే 5√3.

మరి స్పర్శరేఖ ఎలా సరిపోయింది? అక్కడ S₁ = 0 కదా. భాగించకపోతే 6x + 8y − 38 = 0 వస్తుంది, భాగిస్తే 3x + 4y − 19 = 0. రెండూ ఒకే రేఖ. కుడివైపు సున్నా ఉంది కాబట్టి 2 ఏమీ చేయలేదు. పొడవులో సున్నా లేదు, అందుకే విలువ రెట్టింపై వర్గమూలంలోకి వెళ్లిపోయింది.

నేనైతే ఇలా సరిచూసుకుంటాను. కేంద్రం (2, −3), వ్యాసార్థం 5. కేంద్రం నుంచి (8, 5)కి దూరం √(36 + 64) = 10. స్పర్శ బిందువు దగ్గర లంబకోణం ఉంటుంది, కర్ణం ఈ 10. మీ √150 దాదాపు 12.25. భుజం కర్ణం కంటే పెద్దదెలా అవుతుంది? 100 − 25 = 75, లెక్క కుదిరింది.