టికెట్ కోసం వచ్చినవాడికి సొరంగం చూపిస్తే

తమ్ముడూ,

నీ అరకు వీడియో నిన్న రాత్రి చూశాను. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ రైలు పెట్టెలో మీ అమ్మగారు సొరంగాలు లెక్కపెడుతూ, మధ్యలో లెక్క తప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు చూడు, అక్కడ నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. ఆ తర్వాత టైటిల్ చదివాను: "విస్టాడోమ్ టికెట్ బుకింగ్ పూర్తి వివరాలు, వైజాగ్ టు అరకు". ఒళ్ళు మండింది.

"సెర్చ్ నుంచి బాగానే వస్తున్నారు, అర నిమిషంలో సగం మంది పోతున్నారు, ఇంట్రో బాలేదా?" అని అడిగావు. ఇంట్రోకి ఏ రోగమూ లేదు. నీ పన్నెండు నిమిషాల్లో టికెట్ ముచ్చట నలభై సెకన్లు, అదీ ఏడో నిమిషంలో. మిగతాదంతా కిటికీ. టికెట్ ఎలా తీసుకోవాలో తెలీక వచ్చినవాడు నీ పొగమంచు చూసి ఏం చేసుకుంటాడు? యూట్యూబ్ సెర్చ్‌కి టైటిల్‌లో మాటలు కలిస్తే చాలదు. ఆ మాట వెతికి వచ్చినవాళ్ళు ఎంతసేపు చూశారన్నది కూడా లెక్కే. వచ్చినవాడు వచ్చినట్టే పోతుంటే కొన్నాళ్ళకి పైన చూపించడం తగ్గిపోతుంది.

నేను చెప్పేది ఒక్కటే, ఎన్నాళ్ళుగానో ఇదే చెబుతున్నాను: టైటిల్ వీడియోకి పెట్టే పేరు కాదు, చూసేవాడు అడిగినదానికి జవాబు. మన తెలుగులో ఆ అడగడమంతా వాక్యం చివర తేలిపోతుంది. "టికెట్ ఎలా బుక్ చేయాలి" అన్నవాడు నేర్చుకోవడానికి వచ్చాడు. "విస్టాడోమ్‌కి అంత డబ్బు పెట్టొచ్చా" అన్నవాడు కొనబోతూ ఆగాడు, వాడికి ధర, ఏ వైపు సీటు మంచిది, పిల్లలతో సుఖమా అన్నవి కావాలి. "ట్రైనా కారా, ఏది బెటర్" అన్నవాడికి రెండూ పక్కపక్కన పెట్టి చూపాలి. ట్రైన్ ఒక్కటే పొగిడితే మోసపోయానంటాడు. ఇక "అరకు ట్రైన్ జర్నీ" అని కొట్టినవాడికి ఏమీ వద్దు, కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు. నీ వీడియో వాడిది.

దీనికి ఊహలక్కర్లేదు. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో తెరిచి, యూట్యూబ్‌లో `vizag to araku vistadome ticket booking` అని కొట్టు. మనవాళ్ళు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు కాబట్టి అలాగే వెతుకు, తర్వాత తెలుగులోనూ చూడు. మొదటి పది వీడియోల్లో ఎక్కువ భాగం ఫోన్ స్క్రీన్ చూపిస్తూ టికెట్ తీస్తుంటే, అది నేర్చుకునేవాళ్ళ మాట. అదే `vizag to araku train` అని కొడితే టైమింగులూ ప్రయాణాలూ కలిసి రావచ్చు. ఆ మాట ఒక్కటీ పెడితే ఎవరొస్తారో చెప్పలేం, పక్కన ఇంకో మాట పెట్టి తేల్చాలి. తేల్చే మాట ముందుండాలి. టైటిల్‌కి 100 అక్షరాల దాకా చోటుంది కానీ, ఫోన్లో చివర తెగిపోతుంది. ఆ తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్సుల కింద `YouTube search` తెరువు. జనం కొట్టిన మాటలు అక్కడే కనిపిస్తాయి. నీకు అన్నీ "booking"వే ఉంటాయి, పందెం.

ఈ జబ్బు నాకు కొత్త కాదు. అప్పట్లో ఒక వారపత్రికలో ఎడిటరుగారు నా వ్యాసాల పేర్లన్నీ మార్చేవారు. రేషన్ కార్డులో పేరు ఎలా చేర్పించాలో రాస్తే "ఆ ఇంట్లో ఆరో మనిషి ఎవరు?" అని వేశారు. దెయ్యం కథ అనుకుని చదివినవాళ్ళు తిడుతూ ఉత్తరాలు రాశారు, రేషన్ కార్డు కావలసినవాళ్ళు పేజీ తిప్పేశారు. ఇప్పుడు "షాకింగ్" అని ఎర్రక్షరాలు పెట్టేవాళ్ళు ఆయన మనవలే. నువ్వు ఆ పని చేయలేదు, సంతోషం. కాకపోతే రెండూ ఒకటే తప్పు: ఒకరిని పిలిచి ఇంకొకరికి వడ్డించడం.

ఒక్క మాట. హోమ్ పేజీలోనో, ఇంకో వీడియో పక్కనో కనిపించేటప్పుడు ఎవరూ ఏమీ టైప్ చేసి ఉండరు. అక్కడ ఈ లెక్క అంతగా పనిచేయదు. నీ కిటికీ వీడియో బతికేది ఎక్కువగా అక్కడే. కాబట్టి "విస్టాడోమ్ కిటికీ పక్కన అమ్మతో అరకు దాకా" అని పెట్టు, సొరంగాల లెక్క తప్పిన షాట్ ముందుకి తీసుకురా. టైటిల్ మార్చినా లింకు మారదు, భయపడకు. టికెట్ ముక్క తీసేసి మూడు నిమిషాల వేరే వీడియో చెయ్యి: పాత టైటిల్ దానికి పెట్టు, IRCTC లో VSKP నుంచి ARK అని కొట్టడంతోనే మొదలెట్టు, "హాయ్ ఫ్రెండ్స్" వద్దు.

మైకు, కెమెరా సంగతులు నన్నడక్కు, నాకు తెలీవు.

ఆ టికెట్ ముక్క మాత్రం మళ్ళీ రికార్డు చెయ్యి. 120 రోజుల ముందే బుక్ చేసుకోవచ్చని చెప్పావు. 2024 నవంబరు నుంచి అది 60 రోజులే.

మీ అన్నయ్య,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం