ప్రోగ్రామ్ స్పెల్లింగ్ చివర "ఎం-ఈ" ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు తీసెయ్యాలి?

సందేహం: సార్, మన దగ్గర బ్రిటిష్ స్పెల్లింగే కరెక్ట్ అని స్కూల్ నుంచీ చెప్తున్నారు కదా. మరి కాలేజీ ఫంక్షన్ ఇన్విటేషన్ మీద ప్రోగ్రామ్ అంటే చివర ఎం-ఈ పెట్టమంటారు, కంప్యూటర్ ల్యాబ్ రికార్డులో అదే పెడితే రెడ్ ఇంక్‌తో కొట్టేస్తున్నారు. కంప్యూటర్ దగ్గరకి వచ్చేసరికి అమెరికా స్పెల్లింగ్ ఎందుకు ఒప్పుకున్నట్టు?

సమాధానం: రెడ్ ఇంక్ పెట్టినవాళ్ళు కరెక్టే, ఇన్విటేషన్ వాళ్ళూ కరెక్టే. కాకపోతే ఎం-ఈ లేని పొట్టి స్పెల్లింగ్ `program` అమెరికా వాళ్ళది, ఎం-ఈ ఉన్న పొడుగుది `programme` అసలు సిసలు ఇంగ్లండ్‌ది అనుకుంటున్నారు చూడండి, అక్కడే తేడా వచ్చింది.

నిజానికి ఇంగ్లీషులోకి ముందు వచ్చింది పొట్టిదే. గ్రీకు, లాటిన్ల మీదుగా 17వ శతాబ్దంలో వచ్చింది, అప్పట్లో దానర్థం నలుగురూ చూసేలా రాసిపెట్టిన ప్రకటన అని. 19వ శతాబ్దం మొదట్లో కచేరీలో ఏ పాట తర్వాత ఏ పాట అని అచ్చేసి పంచే కాగితం అనే అర్థం ఫ్రెంచి నుంచి వచ్చింది, దాంతోపాటు ఫ్రెంచి వాళ్ళ ఎం-ఈ తోక కూడా వచ్చి అతుక్కుంది. ఫ్రెంచిలో రాస్తే కాస్త గొప్పగా ఉంటుందనుకునే రోజులవి. అయినా వాల్టర్ స్కాట్, కార్లైల్ లాంటి రచయితలు పొట్టిదే రాశారు, ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు పాత ఎడిషన్ కూడా పొట్టిదే మేలు అంది, ఎందుకంటే టెలిగ్రామ్, డయాగ్రామ్, అనాగ్రామ్ వీటన్నిటిదీ అదే గ్రీకు మూలం, వేటికీ లేని తోక దీనికెందుకు అని. కానీ జనం వినలేదు, బ్రిటన్‌లో పొడుగుదే స్థిరపడిపోయింది. అమెరికాలోనూ 19వ శతాబ్దంలో పొడుగుది బాగానే తిరిగింది, స్పెల్లింగుల్లో అక్షరాలు తగ్గించాలన్న ఉద్యమం వాళ్ళు 1898లో పెట్టిన పన్నెండు మాటల లిస్టులో పొట్టి ప్రోగ్రామ్ కూడా ఒకటి. ఆ పన్నెండులో చాలావాటిని జనం పట్టించుకోలేదు గానీ ఇది మాత్రం నిలబడింది.

ఇక కంప్యూటర్ సంగతి. 1946లో బయటికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తయారైంది కాబట్టి అక్కడి ఇంజనీర్లు మామూలుగా తమ దేశంలో రాసే స్పెల్లింగే రాశారు, అందులో వింతేం లేదు. ఇంగ్లండ్‌లో మాత్రం మొదట్లో ఎవరిష్టం వాళ్ళది. అలన్ ట్యూరింగ్ 1950లో మైండ్ అనే పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం తీసి చూడండి, మెషీన్‌కి రాసే ప్రోగ్రామ్‌కి కూడా శుభ్రంగా పొడుగు స్పెల్లింగే ఉంటుంది. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1951లో, కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ కంప్యూటర్ కట్టిన విల్క్స్, తనతో పనిచేసిన వీలర్, గిల్ కలిసి ప్రోగ్రాములు తయారుచేయడం మీద పుస్తకం వేస్తే దాని టైటిల్లో పొట్టిది కనిపిస్తుంది. అచ్చేసింది అమెరికా పబ్లిషరు అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి లెండి. అలా రెండూ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిచి, క్రమంగా కంప్యూటర్ అర్థానికి పొట్టిదే మిగిలింది.

ఎందుకు మిగిలింది అంటే మెషీన్లు, మాన్యువళ్ళు, లాంగ్వేజీలు చాలావరకు అమెరికా నుంచి వచ్చాయి, అది ఒకటి. ఇంకోటేంటంటే ఈ మాటని మనుషులే కాదు, మెషీన్ కూడా చదువుతుంది. కోబాల్ రాయాలంటే `PROGRAM-ID` అనే కొట్టాలి, విండోస్‌లో ఫోల్డర్ పేరు `Program Files` అనే ఉంటుంది, లండన్‌లో కూర్చుని రాసినా తోక తగిలిస్తే అది వేరే పేరైపోతుంది. పాత ఫోర్‌ట్రాన్‌లో అయితే దీంతో ఒక తమాషా ఉంది, చూడండి:

```
      PROGRAMME PAY
      PRINT *, 'HELLO'
      END
```

ఎర్రర్ రావాలి కదా? రాదు! పాత ఫిక్స్‌డ్ ఫార్మ్ ఫోర్‌ట్రాన్ మధ్యలో ఖాళీలని లెక్కచెయ్యదు, అందుకని మొదటి ఏడు అక్షరాలు `PROGRAM` అని తీసుకుని, మిగిలిన తోకని పక్క మాటకి కలిపేసి, ఈ ప్రోగ్రామ్ పేరు `MEPAY` అనుకుని హాయిగా నడిపిస్తుంది. ఇప్పటి ఫ్రీ ఫార్మ్‌లో అదే మొదటి లైన్ రాస్తే మాత్రం ఎర్రర్ కొడుతుంది.

పైగా రెండు అర్థాలకీ రెండు స్పెల్లింగులు ఉండటం బ్రిటిష్ వాళ్ళకి సౌకర్యంగానే ఉంది, చూడగానే ఇది కంప్యూటర్‌ది, ఇది కాదు అని తెలిసిపోతుంది. డిస్క్ కూడా అంతే, మామూలుగా చివర సీ పెట్టి రాసేవాళ్ళు కూడా హార్డ్ డిస్క్ అన్నప్పుడు కే పెడతారు.

మనకి ఒక తేలిక పరీక్ష ఉంది. ఆ చోట కార్యక్రమం అని పెట్టి చూడండి, అతికితే పొడుగుది, నవ్వొస్తే పొట్టిది. "కాలేజీలో మూడు రోజుల ట్రైనింగ్ ప్రోగ్రామ్ పెట్టారు, అందులో ప్రతి స్టూడెంటూ జీతాలు లెక్కకట్టే ప్రోగ్రామ్ ఒకటి రాయాలి" అన్నామనుకోండి, మొదటిది శిక్షణ కార్యక్రమమే కాబట్టి తోక ఉండాలి, రెండోది జీతాల కార్యక్రమం అంటే ఎవరికీ అర్థం కాదు కాబట్టి తోక ఉండకూడదు. ఒకే వాక్యంలో రెండు స్పెల్లింగులు వచ్చినా తప్పేం కాదు. టీవీ ప్రోగ్రామ్, స్పేస్ ప్రోగ్రామ్, ఢిల్లీలో గణాంకాలు, కార్యక్రమాల అమలు శాఖ పేరు, అన్నీ పొడుగే. అయితే ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచెయ్యదు. డిగ్రీ ప్రోగ్రామ్‌ని మనం కోర్సు అంటాం గానీ కార్యక్రమం అనం, అయినా బ్రిటిష్ పద్ధతిలో అది పొడుగే. వాషింగ్ మెషీన్‌లో కాటన్‌కి ఒకటి, ఉలెన్‌కి ఒకటి ఉంటాయే, వాటికీ బ్రిటిష్ మాన్యువల్లో పొడుగే వాడతారు, లోపల చిప్‌లో ఉన్న కోడ్‌కి మాత్రం పొట్టిది.

ఇక ప్రోగ్రామర్, ప్రోగ్రామింగ్, ప్రోగ్రామ్డ్ దగ్గర ఈ గొడవే లేదు, పొట్టిదాంతో మొదలుపెట్టినా ఎం రెట్టింపవుతుంది, పొడుగుదాంతో మొదలుపెట్టినా చివరి ఈ పోయి రెండు ఎంలు మిగులుతాయి, రెండు దారులూ అక్కడికే చేరతాయి. అమెరికా డిక్షనరీలు ఒకే ఎం పెట్టి రాసిన రూపాన్ని కూడా ఒప్పుకుంటాయి గానీ అక్కడ కూడా అలా రాసేవాళ్ళు తక్కువ, మీరు జోలికి పోకండి.

అసలు తప్పు వేరే ఉంది, అది మన ఫ్లెక్సీల మీద, ఇన్విటేషన్ల మీద తెగ కనిపిస్తుంది: ఎం ఒకటే వేసి దాని తర్వాత ఈ పెట్టడం. అది బ్రిటిష్‌దీ కాదు, అమెరికన్‌దీ కాదు. తోక పెడితే రెండు ఎంలు, తోక లేకపోతే ఒకటే ఎం.

ఉద్యోగాల అప్లికేషన్లలో ఇంకో చిక్కు వస్తుంది. ఒకదానికొకటి సంబంధం ఉన్న నాలుగైదు ప్రాజెక్టుల్ని కలిపి చూసుకునే మేనేజర్‌ని బ్రిటన్‌లో పొడుగు స్పెల్లింగ్‌తో ప్రోగ్రామ్ మేనేజర్ అంటారు, అతను కోడ్ రాయక్కర్లేదు. అదే ఉద్యోగాన్ని అమెరికా కంపెనీ హైదరాబాద్ ఆఫీసు పొట్టి స్పెల్లింగ్‌తో వేస్తుంది, అది చూసి ఇదేదో ప్రోగ్రామింగ్ ఉద్యోగం అనుకోకండి, అమెరికా పద్ధతిలో అన్ని అర్థాలకీ పొట్టిదే కదా. ఆస్ట్రేలియాకి అప్లై చేసేవాళ్ళు మిగతా అంతా బ్రిటిష్ స్పెల్లింగే రాసినా ఈ మాటకి మాత్రం పొట్టిదే వాడొచ్చు, అక్కడి ప్రభుత్వం తన స్టైల్‌లో అన్నిచోట్లా అదే పెట్టుకుంది.