పాన్‌మ్యాన్ రిటైర్ అయ్యేలోపు ఆయన చేతి పని మిగతావాళ్లకు అందించడం ఎలా?

ప్రశ్న: మా చక్కెర ఫ్యాక్టరీలో వాక్యూమ్ పాన్లలో పాకం కాచి పలుకు కట్టించే సీనియర్ పాన్‌మ్యాన్ గారు వచ్చే జూలైలో రిటైర్ అవుతున్నారు. చివరి రెండు నెలలు ఒక కుర్రాణ్ణి ఆయన పక్కన పెడితే సరిపోతుందా? ఆయన్ని అడిగితే "చూస్తే తెలిసిపోతుంది" అంటున్నారు.

జవాబు:

సరిపోదు. మే, జూన్ నెలల్లో క్రషింగ్ ఉండదు, పాన్లు చల్లగా ఉంటాయి. అప్పుడు ఆయన పక్కన ఎవర్ని కూర్చోబెట్టినా నేర్చుకునేది కబుర్లే. మీకు మిగిలింది ఈ క్రషింగ్ సీజన్ ఒక్కటే. అందుకే నెలల లెక్క మానేసి, నేర్చుకునేవాడు తన చేత్తో ఎన్ని పాన్లు దింపాడన్నది లెక్క పెట్టుకోండి. ఒకడు కాదు, ఇద్దర్ని పెట్టండి. ఒకడు మధ్యలో వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోవడం మామూలే. ఇద్దరికీ ఆయన షిఫ్టే వేయండి, షిఫ్టు మారితే ఆయనతో పాటే మారాలి.

అన్నీ నేర్పించాలని చూడకండి. మొదటి దశలో వచ్చే ఎ మాసిక్యూట్, అంటే పలుకూ పాకమూ కలిసిన ముద్ద, కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. అసలు విద్య చివరి దశ అయిన సి పాన్‌లో పలుకు కట్టించడం. అక్కడ పొరపాటైతే చక్కెర మొలాసిస్‌లో పోతుంది, మళ్లీ చేతికి రాదు. సీజన్‌లో సగం సమయం దీనికే ఇవ్వండి.

"ఎందుకు?" అని అడిగితే ఆయన చెప్పలేరు, అది ఆయన తప్పు కాదు. అడిగే పద్ధతి మార్చండి. సీడ్, అంటే పలుకు మొదలవడానికి వేసే సన్న చక్కెర పొడి, వేసే ముందు ప్రూఫ్ స్టిక్‌తో తీసిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూస్తారు కదా, ఇంట్లో తీగపాకం చూసినట్టే. ఆయన నోరు విప్పకముందే కుర్రాడు "వేయొచ్చు" లేదా "ఇంకా ఆగాలి" అని కాగితం మీద రాయాలి. తర్వాత ఆయన చెప్పాలి. తేడా వస్తే ఒక్కటే ప్రశ్న: "ఏం కనిపించి ఉంటే మీరు కూడా వీడు రాసినట్టే అనేవారు?" దీనికి మాత్రం జవాబు వస్తుంది. ఆ క్షణంలో తీగ ఎంత సాగిందో స్కేలుతో కొలిచి, టైము, వాక్యూమ్, టెంపరేచర్ పక్కనే రాయండి. అదే శాంపిల్ బ్రిక్స్, అంటే పాకం చిక్కదనం, ల్యాబ్‌లో చూపించండి.

ఒక పాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వాక్యూమ్ 645 మి.మీ., టెంపరేచర్ 64 డిగ్రీలు. తీగ చూసి కుర్రాడు "వేయొచ్చు" అని రాశాడు, ఆయన "ఆగు" అన్నారు. కారణం తీగలో లేదు. పక్క పాన్‌కు అప్పుడే వాక్యూమ్ లైను తెరిచారు. దాంతో ఇక్కడ వాక్యూమ్ 610కి పడితే మరిగే టెంపరేచర్ సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది, పాకం పల్చబడినట్టే. అప్పుడు వేసిన సీడ్‌లో కొంత కరిగిపోతుంది, మిగిలిన కొద్ది పలుకులే లావెక్కుతాయి. మరీ ఆలస్యం చేసినా కష్టమే. పాకం తనంతట తానే కొత్త పలుకు పుట్టిస్తుంది, అదే ఫాల్స్ గ్రెయిన్. గాజు పలక మీద చుక్క పరిచి లైటుకు పెడితే పెద్ద పలుకుల మధ్య దుమ్ములా కనిపిస్తుంది. వేడినీళ్లు కొట్టి కరిగించవచ్చు, కానీ మంచి పలుకూ కొంత పోతుంది, టైమూ ఆవిరీ పోతాయి. వదిలేస్తే ఆ సన్నపలుకు సెంట్రిఫ్యూగల్‌లో జాలీ దాటిపోతుంది, లేదంటే సందులు మూసేసి మొలాసిస్‌ను దిగనివ్వదు. పక్క పాన్ సంగతి ఏ ఎస్ఓపీలో ఉంది చెప్పండి? ఆయన చెవి మాత్రం అటే ఉంటుంది.

మీ పాన్లకు ఆటో కంట్రోల్ ఉంటే ఇంకో దారి ఉంది. ఆయన ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చిన ప్రతిసారీ టైము, ఒక్క లైను కారణం రాయించండి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన కాగితం అదే. వీడియోల మీద నాకు అంత నమ్మకం లేదు. చేతులు కదలడం కనిపిస్తుంది, పాకం బిగువు కనిపించదు. గాజు పలక ఫొటోలు మాత్రం తీయండి, ప్రతిసారీ అదే లైటు కింద.

సీజన్ మొదట్లో ఆయన నడపాలి, కుర్రాళ్లు ముందే ఊహ రాయాలి. మధ్యలో కుర్రాళ్లు నడపాలి. ఎప్పుడు చేయి పెడతారో ఆయన ముందే చెప్పాలి, ఉదాహరణకు గాజు పలక మీద దుమ్ము కనిపిస్తేనే అని. లేకపోతే రెండో నిమిషంలోనే వాల్వు లాక్కుంటారు. చివరి మూడు వారాలు ఆయన్ని జనరల్ షిఫ్టులో ఉంచి, పిలిస్తేనే రమ్మనండి. ఆ రోజుల్ని వదులుకోకండి. ఎండలకు నరికిన చెరకు యార్డులో నిలవుండి పాడైతే రసం జిగురెక్కుతుంది, పలుకు సన్నగా పొడుగ్గా వస్తుంది. డిసెంబరు చెరకు మీద నేర్చుకున్న చేయి అక్కడ తప్పుతుంది.

ఇంకొకటి, వచ్చే సీజన్ మొదటి 20 రోజులకు ఆయన్ని కాంట్రాక్టు మీద పిలుస్తామని, రోజుకు ఎంత ఇస్తామని ఇప్పుడే కాగితం మీద రాసివ్వండి. నేర్పేస్తే తన అవసరం తీరిపోతుందన్న అనుమానం ఉన్న మనిషి, అడిగినదానికి సగమే చెబుతాడు.