రింకిల్ ఫ్రీ చొక్కా వేసుకుంటే దురద ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. ఆఫీసు కోసం నెల కిందట మూడు కాటన్ చొక్కాలు కొన్నాను. లేబుల్ మీద మెర్సరైజ్డ్, శాన్‌ఫరైజ్డ్, రింకిల్ ఫ్రీ అని ఉంది. వారం నుంచి మెడ చుట్టూ, చంకల దగ్గర ఎర్రగా అయి ఒకటే దురద. ప్యూర్ కాటన్ కూడా పడదా డాక్టర్ గారూ? - ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: పత్తికి అలర్జీ రావడం చాలా అరుదు. మీరు అనుమానించాల్సింది లేబుల్ మీది మూడో మాటను. శాన్‌ఫరైజింగ్ అంటే బట్టను ఆవిరితో చెమ్మగా చేసి, మందపాటి రబ్బరు బెల్టు మీద నొక్కి ముందే కుదించడం. అందువల్ల ఉతికాక చొక్కా పొట్టి కాదు. మెర్సరైజింగ్‌లో బట్టను బిగలాగి గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచుతారు. పత్తి పోగు ఉబ్బి గుండ్రంగా అవుతుంది, మెరుపు వస్తుంది, రంగు బాగా పడుతుంది. ఆ సోడాను తర్వాత కడిగేస్తారు.

రింకిల్ ఫ్రీ సంగతి వేరు. తడి తగిలినప్పుడు పత్తిలోని సెల్యులోజ్ గొలుసులు జరిగి కొత్త చోట కుదురుకుంటాయి, ముడతలు పడేది అందుకే. అవి జరగకుండా వాటి మధ్య రెజిన్ అనే రసాయన పదార్థంతో అడ్డకట్లు వేస్తారు. ఎక్కువగా వాడే రెజిన్ డీఎండీహెచ్‌ఈయూ, దాన్ని ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో తయారుచేస్తారు. ఆ ఫార్మాల్డిహైడ్ బట్టకు అంటుకోకుండా కొంత మిగిలిపోతుంది, అంటుకున్నది కూడా వేడికి, చెమటకు కొద్దికొద్దిగా విడిపోతుంది, అది కొందరి చర్మానికి పడదు. పైగా ఈ బట్ట మామూలు కాటన్ అంత చెమట పీల్చదు. మన ఓరుగల్లు ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

అద్దం ముందు నిలబడి చంక చూసుకోండి. లోపలి గుంట బాగానే ఉండి, బట్ట రాసుకునే చుట్టూ అంచున ఎర్రబడితే బట్ట మీదే అనుమానం. గుంటలోనే ఉంటే డియోడరెంట్ కావచ్చు. మధ్యలో తేటగా, అంచున పొలుసుతో గుండ్రంగా పాకుతుంటే అది తామర. ఈ తేడా తెలియకుండా మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం రాయకండి. తామర అయితే అవి దాన్ని మరింత ముదరబెడతాయి.

రెండు మూడు వారాలు ఆ చొక్కాలు పక్కనబెట్టి, బాగా ఉతికి మెత్తబడ్డ పాత కాటన్ చొక్కాలు వదులుగా వేసుకోండి. తగ్గిపోయి, మళ్లీ కొత్త చొక్కా వేసుకోగానే మొదలైతే కారణం దాదాపు తేలినట్టే. కొత్త బట్టను ఒకటి రెండుసార్లు ఉతికి వేసుకుంటే మిగులు ఫార్మాల్డిహైడ్ చాలావరకు పోతుంది, కానీ రెజిన్ బట్టలోనే ఉంటుంది కాబట్టి ఒకసారి అలర్జీ మొదలైన వారికి ఉతుకు ఒక్కటే సరిపోకపోవచ్చు.

తగ్గకపోతే చర్మవ్యాధి నిపుణుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద అంటించిన పట్టీలను 48 గంటలకు తీసి చూస్తారు, రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఫార్మాల్డిహైడ్‌తో పాటు బట్టల రెజిన్‌ను కూడా పరీక్షించమని అడగండి, కొందరికి రెండోదే పడదు. ఫార్మాల్డిహైడ్ పడదని తేలితే షాంపూ సీసా కూడా తిప్పి చూడండి. డీఎండీఎం హైడాంటోయిన్ అని ఉంటే అది కూడా అదే రసాయనాన్ని వదులుతుంది, మార్చేయండి.