అన్ని విత్‌లకీ ‘తో’ సరిపోదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ అనువాద కథ చదివాను. మాటల ఎంపిక బాగుంది, ఇబ్బందంతా మాటల చివర ఉంది. విత్ అంటే తో, ఆఫ్ అంటే యొక్క, ఫర్ అంటే కోసం అని బళ్ళో బట్టీ పట్టించిన జాబితాని ఇంకా వదల్లేదు నువ్వు. ఆ జాబితా తప్పని అనను గానీ, అందులో ఉన్నది ఒక్కోదానికి మొదటి అర్థం మాత్రమే.

బస్టాండు పేరా తీసుకో. నువ్వు రాసింది ఇదీ: “గొడుగుతో ఒక మనిషి తన కొడుకుతో నిలబడి ఉన్నాడు. అతను చలితో వణుకుతూ, డ్రైవర్‌తో కోపంగా ఉన్నాడు. సంచీని టీ కొట్టువాడితో వదిలాడు.” మూలంలో ఐదు విత్‌లున్నాయి, నువ్వూ ఐదుసార్లు తో వేశావు.

కొడుకుతో అన్నది సరే, కలిసి ఉండడమే కదా. గొడుగు దగ్గరే అసలు చిక్కు. ఇంగ్లీషులో ప్రిపోజిషన్ నామవాచకం వెనకాల చేరి ఆ మనిషి ఎలాంటివాడో చెప్పగలదు. తెలుగులో విభక్తి తగిలిన మాట మామూలుగా క్రియని వెతుక్కుంటుంది, అందుకే “గొడుగుతో ఒక మనిషి” అనగానే గొడుగుతో ఏం చేశాడా అని చదివేవాడు ముందుకి చూస్తాడు, అక్కడ నిలబడ్డం తప్ప ఏమీ దొరకదు. ఇలాంటిచోట తో తీసేసి, దాగి ఉన్న క్రియని బయటికి తీసుకురా: గొడుగు పట్టుకున్న మనిషి, కళ్ళజోడు పెట్టుకున్నావిడ, పొడుగు జుట్టున్న అమ్మాయి. విత్ ఒక్కటే కాదు, ఇన్, ఆన్‌లకి కూడా ఇదే వర్తిస్తుంది. “గదిలో మనిషి అరిచాడు” అంటే అరుపు గదిలో అన్నట్టు ఉంటుంది. మనిషిని గుర్తుపట్టించాలంటే గదిలో ఉన్న మనిషి అనో, గదిలోని మనిషి అనో అనాలి.

మిగతావి క్రియ ఏ ప్రశ్న అడుగుతుందో చూస్తే తేలిపోతాయి. కోపం ఎవరి మీద? డ్రైవర్ మీద. సంచి ఎవరి దగ్గర పెట్టాడు? టీ కొట్టాయన దగ్గర. వణకడం దేనికి? చలికి. చలితో అన్నా తప్పు కాదు, కాకపోతే మన ఇళ్ళల్లో చలికే వణుకుతారు. కోపం విషయంలో ఇంకొకటుంది: మన దగ్గర కోపం మనిషికి వస్తుంది, ఆకలి మనిషికి వేస్తుంది. అంటే ఇంగ్లీషులో ఏ ప్రిపోజిషనూ లేని కర్తకి ఇక్కడ కి తగిలించాలి, జాబితా చూసి చేసేవాళ్ళకి ఇది ఎప్పటికీ తట్టదు.

అన్నీ కలిపితే: “గొడుగు పట్టుకున్న ఒకాయన కొడుకుతో కలిసి నిలబడ్డాడు. చలికి వణుకుతున్నాడు. డ్రైవర్ మీద కోపం వచ్చిందాయనకి. సంచి టీ కొట్టాయన దగ్గర పెట్టాడు.” సంచీనిలో ని కూడా పోయింది చూశావా, ప్రాణం లేని వస్తువుకి అది చాలాసార్లు అక్కర్లేదు.

ఇక యొక్క. ఇల్లు యొక్క తలుపు, ఊరు యొక్క చివర అని రాశావు, నాకు కోర్టు కాగితం చదివినట్టుంది. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది, ఆ మార్పులోనే ఆఫ్ ఇమిడిపోయింది: ఇంటి తలుపు, ఊరి చివర. మాట మారని చోట పక్కపక్కన పెడితే చాలు, సీత పుస్తకం. సీత అమ్మ అంటే పిలిచినట్టుందా? సీత వాళ్ళమ్మ అను. ప్రతి ఆఫ్‌నీ ఇలాగే కుదించెయ్యకు మళ్ళీ. కుక్కల భయం అని రాశావు, భయపడేది కుక్కలా మనుషులా తెలీదు; కుక్కలంటే భయం అంటే తేలిపోతుంది. జ్వరం వల్ల చనిపోయాడన్న చోట కూడా మూలంలో ఉన్నది ఆఫే, దానికి జ్వరంతో అనొచ్చు. ఆ తో ఇక్కడ పనికొచ్చింది.

ఫర్ గురించి ఒక్కటే చెప్తాను, కాలం పక్కన వచ్చినప్పుడు. “రెండేళ్ళ కోసం హైదరాబాద్‌లో ఉన్నాడు” అని వేశావు, కోసం అక్కడ అస్సలు నిలవదు. ముందు ఇంగ్లీషు క్రియ చూడు. ఇప్పటికీ అక్కడే ఉంటే రెండేళ్ళుగా ఉంటున్నాడు, లేదా రెండేళ్ళ నుంచి. ఉండి వచ్చేసి ఉంటే రెండేళ్ళు ఉన్నాడు, చాలు, పాటు కూడా కావాలంటేనే. ఉండాలనుకుని బయల్దేరితే రెండేళ్ళకని వెళ్ళాడు. నీ కథలో ఆ మనిషి అప్పటికే ఊరికి తిరిగొచ్చి గొడుగు వేసుకుని బస్టాండులో నిలబడ్డాడు కదా, కాబట్టి రెండోది.