డైవర్టర్ కన్నా ముందు టైమర్, టైమర్ కన్నా ముందు అత్యవసర నిధి

ప్రశ్న: మా ఇంటి మీద 4 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. రోజుకు సగటున 7 యూనిట్లు మిగిలి గ్రిడ్‌కి పోతున్నాయి. అమ్మితే వచ్చేది మేం కొనే ధరలో నాలుగో వంతే. నలుగురం ఉంటాం, పొద్దున్నే 100 లీటర్ల గీజర్ వేసుకుంటాం. ఆ మిగులుతో నీళ్లు కాచే డైవర్టర్, దాంతోపాటు 200 లీటర్ల కొత్త ట్యాంకు పెట్టించాలని ఉంది. మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెల వాయిదా దాదాపు 180 యూనిట్ల ఖరీదు అవుతుంది. మిగులు 210 యూనిట్లు కాబట్టి మొదటి నెల నుంచే లాభం కదా? లేక మామూలు సోలార్ గీజరే మేలా? బ్యాంకులో నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది.

జవాబు: లోన్ వద్దు. ఇంకో మాట చెప్పే ముందే ఇది చెప్పేయాలి, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాల్లో చివరిదాకా చదవకుండానే బ్యాంకుకు వెళ్లిపోయేవాళ్లను చూశాను. మీ ప్రశ్నకు జవాబు రాస్తున్నది కూడా మీరొక్కరే ఈ లెక్క తప్పారని కాదు. సోలార్ పెట్టించుకున్న వాళ్లలో చాలామంది మిగులు మొత్తాన్నీ కొనే ధరతో గుణించి, అదే ఆదా అనుకుంటారు. ఆదా అంత రాదు. ఎందుకు రాదో మీ అంకెలతోనే చూద్దాం. ధరలు మారుతుంటాయి కాబట్టి లెక్కంతా మీరు కొనే యూనిట్లలోనే చేద్దాం.

ముందు మీకు కావాల్సిన వేడి ఎంత? ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్-అవర్లు పడుతుంది. 100 లీటర్లను 35 డిగ్రీలు పెంచాలంటే సుమారు 4 యూనిట్లు. ట్యాంకు ఊరికే ఉన్నా చల్లారుతుంటుంది కాబట్టి ఇంకో యూనిట్ వేసుకోండి. రోజుకు 5 యూనిట్లు. మీ మిగులు 7, అవసరం 5, కాబట్టి సరిపోతుందనే అనిపిస్తుంది. మోసం చేసేది ఆ 'సగటు' అన్న మాటే. నెలలో 20 రోజులు ఎండ బాగా కాసి 9.5 యూనిట్ల చొప్పున, మిగతా 10 రోజులు మబ్బుపట్టి 2 యూనిట్ల చొప్పున మిగిలాయనుకోండి. మొత్తం 210, సగటు 7. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఎండరోజున ట్యాంకు 5 యూనిట్లు తాగాక థర్మోస్టాట్ కట్ అవుతుంది, మిగతా నాలుగున్నర మళ్లీ గ్రిడ్‌కే పోతుంది. మబ్బురోజున ఉన్న 2 యూనిట్లే ట్యాంకులోకి వెళ్తాయి. అంటే 100, ఇంకో 20, కలిపి 120. మీరు లెక్కేసిన 210లో 90 యూనిట్లు ట్యాంకు గడప తొక్కవు.

ఆ 120 కూడా పూర్తిగా మీ జేబులోకి రాదు. డైవర్టర్ లేకపోతే ఆ యూనిట్లను పావు ధరకైనా అమ్మేవాళ్లే కదా, ఇప్పుడు ఆ పావు పోతుంది. కాబట్టి ఒక్కో యూనిట్‌కి మిగిలేది ముప్పావు ధరే. 120లో ముప్పావు, 90 యూనిట్ల ఖరీదు. ఇదీ డైవర్టర్ మీకిచ్చే నికర ఆదా. అమ్మినంత ధరకే తిరిగి కొనే నెట్ మీటరింగ్ ఉన్నవాళ్లకైతే ఈ పరికరం వల్ల ఒరిగేది సున్నా, వాళ్లకు గ్రిడ్డే బ్యాటరీ. మిగులును అసలు బయటికి పంపనివ్వని చోట మాత్రం యూనిట్‌కి యూనిట్ ఆదా.

పెద్ద ట్యాంకు వల్ల వేడినీళ్ల వాడకం పెరగదు. నలుగురు నలుగురే. ఎండరోజు వేడి మర్నాటి మబ్బుకు కాస్త దాచిపెట్టుకోవచ్చు, దానికి నెలకు ఇంకో పది యూనిట్ల ఖరీదు కలిపి మొత్తం 100 అనుకుందాం. వాయిదా 180. నెలనెలా 80 యూనిట్ల ఖరీదు మీ జీతంలోంచి వేసుకోవాలి. మూడేళ్లలో కట్టేది 6,480 యూనిట్ల ఖరీదు, వెనక్కి వచ్చేది 3,600. తర్వాత అయినా లాభమే కదా అంటారేమో. పెట్టింది తిరిగొచ్చేసరికి అయిదేళ్లు దాటుతుంది, అదీ మధ్యలో ఏదీ పాడవకపోతే. ఇంత చిన్న ఆదాకి పర్సనల్ లోన్ తీసుకోవడం నాకు అర్థం కాదు. అంత చల్లగా రాయలేకపోతున్నాను, ఏమనుకోకండి.

ఇప్పుడు డైవర్టర్ అమ్మేవాళ్లు చెప్పని మాట. దాన్ని పోల్చాల్సింది మీ ఇప్పటి అలవాటుతో కాదు, మీరు అతి తక్కువ ఖర్చుతో చేయగలిగినదాంతో. అంటే టైమర్. మీ గీజర్‌లో హీటర్ బహుశా 2 కిలోవాట్లది ఉంటుంది, మీదున్న ప్లేటు చూడండి. మంచి ఎండలో మీ ప్యానెళ్లు మధ్యాహ్నం 3 కిలోవాట్ల దాకా ఇస్తాయి, ఫ్రిజ్, ఫ్యాన్లు పోను 2 కిలోవాట్లు మిగలడం కష్టం కాదు. గీజర్‌ని పొద్దున ఆరింటికి కాకుండా పదకొండున్నరకి వేస్తే, రెండున్నర గంటల్లో 5 యూనిట్లూ మీ ప్యానెళ్ల నుంచే దాదాపుగా వచ్చేస్తాయి. మబ్బు అడ్డం వచ్చినప్పుడు కొంత గ్రిడ్ నుంచి లాగుతుంది. ఆ నష్టం ధారాళంగా వేసుకున్నా నెలకు 120 బదులు 90 యూనిట్ల మిగులు వాడుకోగలుగుతారు. దాని ముప్పావు 67. డైవర్టర్ ఇచ్చేది 90. అంటే టైమర్ మీద డైవర్టర్ అదనంగా తెచ్చేది నెలకు 23 యూనిట్ల ఖరీదు. అంత డబ్బు పెట్టేది ఈ 23 కోసం.

టైమర్ కొనేటప్పుడు 2 కిలోవాట్ల హీటర్ లోడ్ మోయగలిగేది తీసుకోవాలి. దీపాలకు వాడే చిన్నది పెడితే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. మధ్యాహ్నం కాచిన నీళ్లు మర్నాడు పొద్దున్నకి ఎంత వేడిగా ఉంటాయో ఒక వారం చూసుకోండి. ట్యాంకు ఇన్సులేషన్ బాగుంటే ఇబ్బంది ఉండదు, పాతదైతే పొద్దున పది నిమిషాలు వేయాల్సి వస్తుంది.

డైవర్టర్ పనికిరానిదని నేననడం లేదు. మీటరు దగ్గర తీగకి బిగించిన చిన్న క్లాంపుతో అది బయటికి పోతున్న కరెంటును చూస్తూ, హీటర్‌కి అంత మేరకే వదులుతుంటుంది. మిగులు 400 వాట్లుంటే 400, వెయ్యి ఉంటే వెయ్యి. ఆన్, ఆఫ్ మాత్రమే తెలిసిన టైమర్‌కి ఇది చేతకాదు. అందుకే హీటర్ 3 కిలోవాట్లదై, మిగులు సగం కిలోవాట్ నుంచి రెండు దాకా ఊగుతుండే ఇంట్లో డైవర్టర్ గెలుస్తుంది. మామూలు హీటింగ్ కాయిల్‌కే అది పనికొస్తుంది, హీట్ పంపుకో, ఎలక్ట్రానిక్ బోర్డున్న గీజర్‌కో కలపకూడదు.

బిగింపులో జరిగే పొరపాటు ఒకటి మా ఇంట్లోనే చూశాను. క్లాంపు మీద కరెంటు పోయే వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. మాకు బిగించినాయన దాన్ని తిరగేసి పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు బయటి నుంచి లాగే కరెంటు దానికి మిగులులా కనిపిస్తుంది. హీటర్ ఆన్ అయితే లాగడం పెరుగుతుంది, పెరిగేకొద్దీ మిగులు ఎక్కువుందనుకుని ఇంకా వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి మంచినీళ్లకని లేచి చూస్తే హీటింగ్ లైటు వెలుగుతోంది. చీకట్లో సోలార్ మిగులేమిటి! బిల్లు వచ్చేదాకా ఆగకుండా తెలుసుకోవాలంటే ఎండలో ఇస్త్రీపెట్టె ఆన్ చేయండి. గీజర్‌కి వెళ్లే వాట్లు కొన్ని సెకన్లలో తగ్గాలి. పెరిగితే క్లాంపు తిరగబడినట్టే.

ఇక సోలార్ గీజర్. అదే 20, 10 రోజుల లెక్కన ఇది కూడా నెలకు 120 యూనిట్ల వేడి ఇస్తుందనుకుందాం. అయితే ప్యానెళ్ల మిగులు జోలికి పోదు, దాన్ని మీరు పావు ధరకు అమ్ముకుంటూనే ఉంటారు. కాబట్టి ఆదా 120కి 120. డైవర్టర్ కన్నా 30, టైమర్ కన్నా 53 యూనిట్ల ఖరీదు ఎక్కువ. ప్యానెళ్లు లేని ఇంటికి నేనైతే దీన్నే చెబుతాను, ఎందుకంటే అంతే వేడికి ఇది రెండు చదరపు మీటర్ల చోటుతో సరిపెడుతుంది, ప్యానెళ్లకు అంతకు మూడింతలు కావాలి. మీకు ప్యానెళ్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఆ 53 యూనిట్ల కోసం కొత్త పరికరం మొత్తం ఖరీదు పెట్టాలి. నీళ్లు ఉప్పవైతే గొట్టాల్లో పొర కడుతుంది. గాజు గొట్టాల రకంలో అడుగున వెండిలా మెరిసే భాగం తెల్లబడిందంటే అందులో వాక్యూమ్ పోయినట్టు, ఆ గొట్టం మార్చాల్సిందే. పైగా ట్యాంకు నిండా వేడెక్కాక మిగిలిన ఎండతో అది ఫ్యాన్ తిప్పలేదు.

బ్యాటరీ, హీట్ పంపు సంగతి ఇప్పుడు వద్దు, రెండూ ఇంకా పెద్ద ఖర్చులు.

నన్ను నిజంగా కంగారు పెట్టింది మీ ఉత్తరంలో చివరి వాక్యం. నెలన్నర ఖర్చులకు డబ్బు! సోలార్ సిస్టంలో ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, ఇన్వర్టర్ సాధారణంగా అంతకు చాలా ముందే పోతుంది. అది పోయిన రోజు ఏమవుతుందో చూడండి. ప్యానెళ్ల ఉత్పత్తి సున్నా, మిగులు సున్నా, డైవర్టర్ గోడకు వేలాడే పెట్టె. కరెంటు బిల్లు మొత్తం తిరిగొస్తుంది, వాయిదా మాత్రం ఆగదు. కొత్త ఇన్వర్టర్ కొనడానికి ఆ నెలన్నర డబ్బులోంచే తీయాలి, లేదా రెండో లోన్. అదే నెలలో ఉద్యోగం పోతేనో, ఇంట్లో ఎవరికైనా బాగోకపోతేనో? కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిపైన ఒక ఇన్వర్టర్ ఖరీదు వెంటనే తీసుకోగలిగే ఖాతాలో ఉండేదాకా ఇంటి మీదకి కొత్తగా ఏదీ ఎక్కించకండి. మీ ఇన్వర్టర్ వారంటీ ఎప్పటిదాకా ఉందో ఈ రోజే కాగితాలు తీసి చూడండి.

ఇప్పుడు చేయాల్సింది టైమర్ ఒకటి పెట్టడం. దానివల్ల మిగిలే 67 యూనిట్ల ఖరీదును, వాయిదాకి సిద్ధపడ్డ 180లో ఎంత వీలైతే అంతను నెల మొదట్లోనే ఆ నిధికి పంపేయండి. రెండు నెలలపాటు పదకొండున్నరకి, రెండింటికి మీటరు రీడింగ్ రాసుకోండి. ఆ వేళలో గ్రిడ్ నుంచి లాగిన యూనిట్లు నెలకు పదికి లోపే ఉంటే డైవర్టర్ ఆలోచన మరిచిపోవచ్చు. నలభై దాటితే, అప్పటికి ఆరు నెలల నిధి పూర్తయి ఉంటే, ఉన్న 100 లీటర్ల ట్యాంకుకే చేతి డబ్బుతో డైవర్టర్ పెట్టించుకోండి.